షేరంటే మేకను పాలుకిచ్చినట్టు, బాండంటే అప్పిచ్చినట్టు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అందరి ఫోన్లలో ఒకటే మాట, షేర్లు. డీమ్యాట్ అకౌంట్ పది నిమిషాల్లో ఓపెన్ అయిపోతుంది, రీల్స్‌లో ఎవరో ఒకరు ఏది కొనాలో చెప్తూనే ఉంటారు. ఇంకో బ్యాచ్ ఉంది. వాళ్లు "షేర్లు జూదం రా, బాండ్లు కొనండి, బ్యాంకులో వేసినట్టే" అంటారు. నా అభిప్రాయం ఏంటంటే రెండు బ్యాచ్‌లూ సగమే చెప్తున్నాయి. ఎంత వస్తుంది అని అడుగుతున్నారు గానీ, డబ్బు ఇచ్చాక మనం ఆ కంపెనీకి ఏమవుతాం అని ఎవరూ అడగట్లేదు.

ఇది మన ఊళ్లలో పెద్దగా చదువుకోనివాళ్లకి కూడా తెలిసిన విషయమే. నీ మేకను ఒకరికి పాలుకిచ్చావనుకో. వాళ్లు మేపుతారు, పుట్టిన పిల్లల్లో సగం నీకు, సగం వాళ్లకి. మేక బాగా ఈనితే నీ మంద పెరుగుతుంది, ఇంతకంటే ఎక్కువ రాకూడదని హద్దేం లేదు. మేక రోగమొచ్చి చచ్చిపోతే మాత్రం వాళ్లని ఏమీ అడగలేవు, ఎందుకంటే అది నీ మేకే. షేరు అంటే ఇదే. అదే మనిషికి ఐదు వేలు అప్పిచ్చావనుకో, అతని పంట విరగపండినా నీకు వచ్చేది అసలు, వడ్డీ అంతే. పంట పోయినా అతను నీకు బాకీ ఉన్నట్టే. ఇది బాండ్. కంపెనీ బాండ్ అయితే కంపెనీకి, ప్రభుత్వ బాండ్ అయితే ప్రభుత్వానికి నువ్వు అప్పిచ్చినవాడివి.

ఇంతవరకూ రీల్స్‌లో కూడా చెప్తారు. చెప్పనిది, అప్పు తీసుకున్నవాడు మునిగిపోతే ఏమవుతుందన్నది. దానికి డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే ఇళ్ల లోన్ల కంపెనీ కథ చూడండి.

ఈ కంపెనీ 2016లో జనం దగ్గర బాండ్లు అమ్మింది. ఒక్కో బాండ్ వెయ్యి రూపాయలు, ఏడాదికి 9 శాతం పైన వడ్డీ. రేటింగ్ ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికన్నా పైది. 2018 సెప్టెంబర్‌లో దాని షేరు 600 రూపాయల పైనే ఉండేది. ఆ నెల 21న ఒక్కరోజులోనే 40 శాతానికి పైగా పడిపోయింది. 2019 మొదట్లో కూడా ట్రిపుల్ ఏ అని ఉన్న రేటింగ్ అదే ఏడాది జూన్‌కల్లా డి అయింది. డి అంటే కట్టాల్సింది కట్టలేదు అని అర్థం. నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఆ కంపెనీ బోర్డును తప్పించి, కేసును దివాలా కోర్టుకి పంపింది.

2021 జూన్‌లో పిరమల్ గ్రూపు ఆ కంపెనీని తీసుకోడానికి కోర్టు ఒప్పుకుంది. కంపెనీ మీద అప్పుల లెక్క సుమారు 87 వేల కోట్లు. పిరమల్ ఇస్తానన్నది సుమారు 34 వేల కోట్లు, అందులోనూ సగానికి పైగా చేతికి డబ్బు కాదు, పదేళ్ల కొత్త బాండ్ల రూపంలో. అప్పిచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఇందులోంచే తీసుకోవాలి. అందరికీ ఒకే వాటా రాలేదు. తాకట్టు ఉన్న బాండ్ల వాళ్లకి కొంత మెరుగ్గా వచ్చింది, తాకట్టు లేకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవాళ్లకి చాలా తక్కువ వచ్చింది. చాలామందికి ఆలస్యంగానే వచ్చింది, కోతతోనే వచ్చింది.

మరి షేర్లు ఉన్నవాళ్లకి? సున్నా. అప్పులవాళ్లకే చాలనప్పుడు ఓనర్లకి మిగిలేది ఏముంటుంది? బాధ ఏంటంటే, పిరమల్ తీసుకుంటోందన్న వార్త విని ఆ వారంలో కూడా జనం ఆ షేరు కొన్నారు, 20 రూపాయల చుట్టుపక్కల. పెద్ద గ్రూపు వస్తోంది కదా, 20 కాస్తా 200 అవుతుందని ఆశ. కంపెనీ బతికింది గానీ పాత షేర్లు రద్దయ్యాయి. జూన్ 14 నుంచి ట్రేడింగ్ ఆగిపోయింది. కంపెనీ బతకడం, నీ షేరు బతకడం ఒకటి కాదు. మేకల కొట్టం కొత్త యజమాని చేతికి వెళ్తే అందులో నీ మేక ఉండాలని ఏం లేదు.

"అయితే బాండే మంచిది కదా" అంటారు. దేనికి బాండ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర షావుకారు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటాడు, అంటే నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ఆ లెక్కలో 7 శాతం బాండ్ అంటే నెలకు నూటికి 58 పైసలు. మావాళ్లు దీనికి నవ్వుతారు. కానీ షావుకారు రెండు రూపాయలు అడిగేది ఎగ్గొట్టేవాళ్లు ఉంటారని లెక్కేసుకునే. ఏదో పేరు వినని కంపెనీ 12, 13 శాతం బాండ్ ఇస్తోందంటే, దానికి అంతకంటే తక్కువకి అప్పు ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం చేసుకోవాలి. అది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది అస్సలు కాదు. బ్యాంకు డిపాజిట్‌కి ఐదు లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంటుంది, కంపెనీ బాండ్‌కి ఉండదు.

ప్రభుత్వ బాండ్‌లో ఎగ్గొట్టే భయం లేదనే అనుకోవచ్చు, కానీ ఇంకో మెలిక ఉంది. పదివేలు పెట్టి 7 శాతం వచ్చే పదేళ్ల బాండ్ కొన్నావు. ఆర్నెల్లకోసారి 350 వస్తుంది. తర్వాత కొత్త బాండ్లకి 8 శాతం ఇస్తున్నారనుకో. అప్పుడు నీ 7 శాతం బాండ్‌ని పదివేలకి ఎవరు కొంటారు? దాని ధర 9,300 దగ్గరికి పడుతుంది. పదేళ్లు ఆగితే నీ పదివేలు నీకు పూర్తిగా వస్తాయి, మధ్యలో అమ్మితేనే నష్టం. పైగా చిన్న మొత్తానికి మధ్యలో కొనేవాళ్లు తొందరగా దొరకరు కూడా. అందుకే బాండ్ కొనేటప్పుడు వడ్డీ కంటే ముందు గడువు తేదీ చూడాలి.

మా రూమ్మేట్ సంగతి చెప్తా. వాళ్లమ్మ కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులో 30 వేలు వాడి అకౌంట్లో వేసింది. వాడు మొత్తం ఒకే షేరులో పెడదామన్నాడు. వచ్చే ఏడాది బీఈడీ ఫీజుకి అందులో 20 వేలు కావాలి. నేను ఒప్పుకోలేదు. తేదీ ఉన్న డబ్బుతో ఓనర్ కాకూడదు, అప్పిచ్చినవాడిగానే ఉండాలి. షేరు మంచిదే అయినా, ఫీజు కట్టే నెలలో అది కింద ఉందనుకో, కాలేజీ ఆగదు కదా. దానికి 364 రోజుల ట్రెజరీ బిల్లు సరిపోతుందని నా లెక్క. ప్రభుత్వానికి ఏడాదికి అప్పివ్వడమే అది. వడ్డీ విడిగా రాదు, తగ్గించి కొంటాం. ఐదున్నర శాతం లెక్కన 9,480 దగ్గర కొంటే గడువుకి 10,000 వస్తాయి. రిజర్వ్ బ్యాంక్ 2021 నవంబర్‌లో పెట్టిన రిటైల్ డైరెక్ట్‌లో, అంటే rbiretaildirect.org.in లో పాన్, సేవింగ్స్ అకౌంట్, మొబైల్, ఈమెయిల్ ఉంటే ఫ్రీగా అకౌంట్ వస్తుంది. తక్కువలో తక్కువ పదివేలు.

మిగిలిన పదివేలకి తేదీ లేదు. వాటితో ఓనర్ అవ్వమన్నాను. కాకపోతే ఒక్క మేక కాదు, మందలో వాటా. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ అంటే యాభై పెద్ద కంపెనీల్లో తలా కొంచెం ఓనర్ అయినట్టు. అది కూడా పడుతుంది, 2020 మార్చిలో నిఫ్టీ రెండు నెలల్లో మూడో వంతుకి పైగా పడింది. కానీ ఒక కంపెనీ సున్నా అయితే మొత్తం సున్నా అవ్వదు. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనంటేనే పెట్టు అన్నాను.

వాడు ట్రెజరీ బిల్లుకి సరే అన్నాడు. రెండోదానికి మాత్రం ఇంకా ఆ ఒక్క షేరే అంటున్నాడు. పదివేలు వాడివి, పోయినా ఫీజు ఆగదు కాబట్టి నేనూ ఎక్కువ వాదించట్లేదు.