సెమికోలన్ అలంకారం కాదు: ముందు ఎడమవైపు వాక్యం పూర్తి చేయండి

ఓల్డ్ రాజేందర్ నగర్‌లో అడిగినా, ముఖర్జీ నగర్‌లో అడిగినా ఎస్సే పేపర్‌కు ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది: "అక్కడక్కడా సెమికోలన్ పెట్టు, ఇంగ్లిష్ బరువుగా కనిపిస్తుంది." ఇంగ్లిష్ మీడియంలో మెయిన్స్ రాసే మన తెలుగు వాళ్లు ఈ సలహాను మరీ ఎక్కువగా నమ్ముతున్నారు. ఇది తప్పుడు సలహా అని నా వాదన. సెమికోలన్, కోలన్ బరువు కోసం పెట్టేవి కావు. ఒక వాక్యానికి పక్క వాక్యంతో ఉన్న సంబంధాన్ని చెప్పేవి. ఆ సంబంధం మీకే తేలకపోతే ఆ గుర్తు దాన్ని కప్పిపుచ్చదు, బయటపెడుతుంది.

మనలో సగం మంది బీటెక్ వాళ్లం. సి లాంగ్వేజ్‌లో సెమికోలన్ స్టేట్‌మెంట్‌ను ముగిస్తుంది. ఇంగ్లిష్‌లో అది ముగించదు, కలుపుతుంది. దానికి ఎడమన ఒక పూర్తి వాక్యం, కుడిన ఇంకో పూర్తి వాక్యం ఉండాలి. దాన్ని తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టినా రెండూ సొంతంగా నిలబడాలి. ఇదే మొదటి పరీక్ష. కానీ పరీక్ష హాల్లో "ఇది పూర్తి వాక్యమేనా" అన్న దగ్గరే చాలామంది తడబడతారు. అందుకు కారణం మన తెలుగులోనే ఉంది, మందు కూడా అక్కడే ఉంది.

తెలుగు వాక్యం చివర సమాపక క్రియ ఉంటుంది: ఇచ్చింది, వచ్చారు, లేవు. అంతకుముందు వచ్చేవి సాధారణంగా అసమాపక క్రియలు: ఇచ్చి, ఇస్తే, ఇచ్చినప్పటికీ, కావడంతో. మాట్లాడేటప్పుడు "ఇచ్చినప్పటికీ" దగ్గర మనం ఊపిరి తీసుకుంటాం. ఇంగ్లిష్‌లో రాస్తుంటే అదే చోట చేయి ఆగుతుంది, కామా చిన్నదిగా అనిపించి సెమికోలన్ పడుతుంది. కాబట్టి సెమికోలన్ పెట్టే ముందు ఎడమ భాగాన్ని మనసులో తెలుగులో అనుకోండి. అది "ఇచ్చింది" అని ముగిస్తే పెట్టవచ్చు. "ఇచ్చినప్పటికీ", "కావడంతో" దగ్గర ఆగితే పెట్టకూడదు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. "ఆమె కలెక్టర్" లాంటి తెలుగు వాక్యాల్లో క్రియ కనిపించదు, అయినా అవి పూర్తి వాక్యాలే. అలాంటి చోట ఇంగ్లిష్ వాక్యంలో కర్త, దానికి "ఈజ్" లాంటి క్రియ ఉన్నాయో లేదో చూడండి.

జీఎస్-2లో పంచాయతీరాజ్ మీద ఎన్నో కాపీల్లో కనిపించే తరహా పేరా ఒకటి తీసుకుందాం.

"ఆల్దో ది 73ర్డ్ అమెండ్‌మెంట్ గేవ్ పంచాయత్స్ కాన్‌స్టిట్యూషనల్ స్టేటస్; దే లాక్ పవర్స్. ది రీజన్స్ ఆర్: వీక్ ఫైనాన్సెస్ అండ్ పూర్ స్టాఫింగ్. ది డిలే ఈజ్ లీగల్; ఆర్టికల్ 243జి సేస్ 'మే', నాట్ 'షల్'."

మొదటి వాక్యం ఎడమ భాగాన్ని తెలుగులో అనండి: "73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చినప్పటికీ". ఆగిపోయింది. "ఆల్దో" ఉన్నంతసేపు అది సగం వాక్యమే, అక్కడ కామా చాలు. సెమికోలనే కావాలంటే "ఆల్దో" తీసేయాలి. అప్పుడు ఎడమ భాగం "ఇచ్చింది" అవుతుంది, కుడివైపు "హౌఎవర్, దే లాక్ పవర్స్" అని రాయవచ్చు. ఇక్కడ ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. "హౌఎవర్" మన "అయితే" లాంటిది, కొత్త వాక్యాన్ని మొదలుపెడుతుంది. "బట్" లాగా రెండు వాక్యాలను కామాతో అతికించే శక్తి దానికి లేదు. అందుకే ముందు సెమికోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ, తర్వాత కామా.

రెండో వాక్యంలో కోలన్ ఉంది. కోలన్‌కు కుడిన జాబితా ఉండవచ్చు, ఒక్క మాటైనా ఉండవచ్చు. ఎడమన మాత్రం పూర్తి వాక్యం ఉండాలి. "ది రీజన్స్ ఆర్" అంటే "కారణాలు ఏమిటంటే" అని ఆగిపోవడమే. నోట్స్‌లో "కారణాలు:" అని శీర్షిక పెట్టి కింద పాయింట్లు రాసే అలవాటు ఇలా పేరాలోకి చొరబడుతుంది. రెండు మార్గాలున్నాయి. కోలన్ తీసేసి వాక్యాన్ని అలాగే నడిపించండి. లేదా "టూ రీజన్స్ ఎక్స్‌ప్లెయిన్ దిస్:" అని ఎడమ భాగాన్ని పూర్తి చేయండి. "సచ్ యాజ్", "ఇన్‌క్లూడింగ్" తర్వాత పెట్టే కోలన్‌కూ ఇదే వైద్యం.

మూడో వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. రెండు వైపులా పూర్తి వాక్యాలే. అయినా నా గొడవ అసలు దీనితోనే. సెమికోలన్ రెండు విషయాలను పక్కపక్కన కూర్చోబెడుతుంది, బంధం ఏమిటో పాఠకుడినే తేల్చుకోమంటుంది. ఇక్కడ రెండో వాక్యం మొదటిదానికి కారణం. అధికారాల బదలాయింపును 243జి రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది కాబట్టే జాప్యం చట్టవిరుద్ధం కాదు. ఆ "కాబట్టే" ఈ జవాబుకు ప్రాణం. కోలన్ పెడితే "ఎందుకో చెబుతున్నాను" అని అర్థం, సెమికోలన్ పెడితే "ఇంకో సంగతి" అని అర్థం. 150 పదాల జవాబులో మీ వాదన ఉన్నదే ఈ ఒక్క వాక్యంలో. దాన్ని ఇంకో సంగతిగా రాస్తే మీకు తెలిసింది ఎగ్జామినర్‌కు అందదు. "ఎలక్షన్స్ ఆర్ హెల్డ్; పవర్స్ ఆర్ విత్‌హెల్డ్" అని రాసి ఉంటే సెమికోలన్ సరిగ్గా అమరేది. రెండూ సమాన బరువున్న వాక్యాలు, వాటి మధ్య వైరుధ్యం చెప్పకుండానే కనిపిస్తుంది.

దీనికి వచ్చే ఎదురు ప్రశ్న నాకు తెలుసు: "రాజ్యాంగ పీఠికలోనే అలా ఉంది కదా?" ఉంది. పీఠిక మొత్తం ఒకే వాక్యం. కర్త "ఉయ్, ది పీపుల్ ఆఫ్ ఇండియా" మొదట్లో ఉంటే, ప్రధాన క్రియలు అడాప్ట్, ఎనాక్ట్, గివ్ చివర్లో ఉన్నాయి. మధ్యలో ఒక కోలన్, నాలుగు సెమికోలన్‌లు. ఆ సెమికోలన్‌లలో ఒక్కటి కూడా రెండు పూర్తి వాక్యాలను కలపడం లేదు. న్యాయం అన్న అంశంలో సామాజిక, ఆర్థిక, రాజకీయ అని కామాలు వచ్చేశాయి, స్వేచ్ఛ అన్న అంశంలోనూ అంతే. అంశానికీ అంశానికీ మధ్య మళ్లీ కామా పెడితే ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు, అందుకే అక్కడ పెద్ద గుర్తు కావాలి. లోపల కామాలున్న జాబితాలో సెమికోలన్ మీ ఎస్సేలోనూ ఒప్పే. కానీ "సిటిజన్స్" తర్వాతి కోలన్, "నేషన్" తర్వాతి సెమికోలన్ అలా కాదు. అవి అంశాలను వరుసలుగా విడగొట్టి పేర్చే చట్ట ముసాయిదా శైలికి చెందినవి. బేర్ యాక్ట్ చదివి విషయం నేర్చుకోండి, పేరా రాసే పద్ధతి మాత్రం అక్కడ నేర్చుకోకండి.

ఇంకో మాట కూడా వింటాం: "ఇంగ్లిష్ పేపర్ క్వాలిఫయింగే కదా, 300కి 75 వస్తే చాలు." నిజమే. కానీ 250 మార్కుల ఎస్సే, ఒక్కొక్కటి 250 మార్కుల నాలుగు జీఎస్ పేపర్లు రాసేది కూడా ఇదే చేత్తో, ఇవే గుర్తులతో. అవి ర్యాంకులో కలుస్తాయి.

మీరు రాసిన చివరి ఎస్సే తీయండి. ప్రతి సెమికోలన్ చుట్టూ, ప్రతి కోలన్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఒక్కోదాని ఎడమ భాగాన్ని తెలుగులో పైకి చదవండి. సెమికోలన్ అయితే కుడి భాగాన్ని కూడా చదవండి. తర్వాత అక్కడ "ఎందుకంటే" అన్న మాట పెట్టి చూడండి. అది సరిపోతే మీకు కావలసింది కోలన్, లేదా "బికాజ్". ఏ మాటా అతకకపోతే ఫుల్‌స్టాప్ పెట్టండి. ఫుల్‌స్టాప్ పెట్టినందుకు ఎవరూ మార్కులు తీయరు.