గరిష్ఠ ధర మాయలో పడొద్దు: ఫోన్లో వచ్చే ధరల పట్టీలనుంచి మన లెక్క మనమే తీద్దాం

రోజూ మధ్యాహ్నానికల్లా మన వాట్సాప్ గ్రూపుల్లోకి మార్కెట్ యార్డు ధరల పట్టిక వస్తుంది. టమాటా మొదటి రకం ఇంత, రెండో రకం ఇంత అని చూస్తాం. ఎక్కువ పలికిన ధర ఒక్కటి మనసులో పెట్టుకుంటాం. మర్నాటికి కొత్త పట్టిక వస్తుంది, పాతది కిందికి జారిపోతుంది. సీజను అయిపోయాక "ఈసారి సగటున ఎంత పలికింది?" అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. వ్యాపారి దగ్గర ఉంటుంది, అధికారి దగ్గర ఉంటుంది. పంట పండించిన మన దగ్గర మాత్రం ఉండదు.

2023 జూలై చివర్లో మదనపల్లెలో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్ళింది. ఆ అంకె దేశమంతా తిరిగింది. కొద్ది వారాల్లోనే ధర కుప్పకూలింది. ఆ సంగతి అంతగా తిరగలేదు. "టమాటా రైతులు కోటీశ్వరులయ్యారు" అన్న మాట మాత్రం ఇప్పటికీ వినబడుతోంది. ఒక రోజు పలికిన గరిష్ఠ ధర మన బతుకు లెక్క కాదని చెప్పాలంటే మన చేతిలో అంకెలు ఉండాలి. ఆ అంకెలకు కావలసిన సరుకు మన ఫోన్లలోనే ఉంది.

ముందుగా పట్టికలు భద్రం చేసుకోవాలి. వచ్చిన ప్రతి పట్టికనూ స్క్రీన్‌షాట్ తీసి ఒకే ఫోల్డరులో వేసుకోండి. తేదీ విషయంలో జాగ్రత్త. ఫోటో మన ఫోనుకు ఏ రోజు వచ్చిందో అది తేదీ కాదు, పట్టికలో అచ్చయిన తేదీనే రాసుకోవాలి. నిన్నటి పట్టికను ఇవాళ ఎవరో ఫార్వర్డ్ చేస్తారు. దాంతో ఒకే రోజు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. రెండు రోజుల అంకెలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

తర్వాత కొలత చూడాలి. కోలారులో 15 కిలోల బాక్సు మీద రేటు చెబుతారు. మరోచోట పది కిలోల మీద, ఇంకోచోట పెద్ద క్రేటు మీద చెబుతారు. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో క్వింటాలు మీద ఉంటుంది. అన్నింటినీ కిలోకు మార్చాకే పుస్తకంలో ఎక్కించాలి. ఫోటోలోంచి అక్షరాలు కాపీ చేసే సదుపాయం ఫోన్లలో ఉంది గానీ, అది 8ని 3గానో, ఒక వరుస అంకెను పక్క వరుసలోనో పడేస్తుంది. ప్రతి రోజుకూ కనిష్ఠ ధర కంటే మోడల్ ధర, మోడల్ కంటే గరిష్ఠం తక్కువ కాకుండా ఉన్నాయో లేదో చూస్తే చాలా తప్పులు అక్కడే దొరుకుతాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో ఆ ధర. మనకు కావలసింది అదే. యార్డుకు సెలవు ఉన్న రోజు గడి ఖాళీగా వదలాలి. సున్నా వేస్తే దాన్ని కూడా ధరగా లెక్కించి సగటు పడిపోతుంది.

ఇక లెక్కకు వద్దాం. ఇది ఏ మార్కెట్టుదీ కాదు, తేలిగ్గా అర్థం కావడానికి మేము వేసుకున్న ఒక వారం. సోమవారం మోడల్ ధర కిలో 18 రూపాయలు, రాక 300 టన్నులు. మంగళవారం 16, రాక 350. బుధవారం 14, రాక 400. గురువారం 20, రాక 250. శుక్రవారం 24, రాక 200. శనివారం 16, రాక 300.

ఆరు ధరలు కూడి ఆరుతో భాగిస్తే 18 రూపాయలు వస్తుంది. చాలామంది చెప్పే సగటు ఇదే. కానీ శుక్రవారం 24కు అమ్మిన సరుకు 200 టన్నులే. బుధవారం 14కు అమ్మినది 400 టన్నులు. తక్కువ ధరకు ఎక్కువమంది రైతులు అమ్ముకున్నారు. ఆ రెండు రోజులకూ సమాన విలువ ఇస్తే న్యాయం కాదు. కాబట్టి ప్రతి రోజు ధరను ఆ రోజు రాకతో గుణించి, అన్నీ కూడి, మొత్తం రాకతో భాగించాలి. అలా చేస్తే 17 రూపాయల 33 పైసలు వస్తుంది. కిలోకు 67 పైసలు తేడా. 20 టన్నులు తీసిన రైతుకు అది 13 వేల రూపాయల పైమాటే. అదే వారం గరిష్ఠ ధరలు 22, 20, 18, 25, 30, 20 అనుకుంటే వాటి సగటు 22 రూపాయల 50 పైసలు. ఒకే మార్కెట్, ఒకే వారం, మూడు సగటులు.

ఫోన్లో గూగుల్ షీట్స్ వాడే పిల్లలు ఇంట్లో ఉంటే A వరుసలో తేదీ, B కనిష్ఠం, C గరిష్ఠం, D మోడల్ ధర, E రాక వేయించి, మొదటి అడ్డువరుస పేర్లకు వదిలి, ఈ రెండు సూత్రాలు రాయించండి. మొదటిది రాకతో తూచిన సగటు. రెండోది సగటు ధరనుంచి రోజువారీ ధర ఎంత దూరం పోతోందో చెబుతుంది.

```
=SUMPRODUCT(D2:D7,E2:E7)/SUM(E2:E7)
=AVEDEV(D2:D7)
```

రెండో సూత్రం మన వారానికి 2 రూపాయల 67 పైసలు చూపిస్తుంది. అంటే 18 రూపాయల సగటుకు సుమారు 15 శాతం అటూఇటూ ఊగింది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. రెండు నెలల్లో ధర 40నుంచి 10కి మెట్టు మెట్టుగా దిగినా ఈ అంకె పెద్దదే వస్తుంది. అది ఊగిసలాట కాదు, పతనం. అందుకే ఇంకో లెక్క కూడా వేయాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో, పెరిగిందా తగ్గిందా అని చూడకుండా రాసుకోండి. మన వారంలో అవి 2, 2, 6, 4, 8. సగటు 4 రూపాయల 40 పైసలు. "ఒక రోజు ఆగి చూద్దాం" అనుకునే రైతు ఎంత జూదం ఆడుతున్నాడో ఈ అంకె చెబుతుంది. 18 రూపాయల సరుకు మీద అది చిన్న జూదం కాదు.

మరి ఏ రోజు అమ్మితే మంచిది? మన వారం చూస్తే శుక్రవారం అని ఎవరైనా చెప్పేస్తారు. ఒక్క వారం చూసి అలా చెప్పకూడదు. ధర పైకి పోతున్న నెలలో ప్రతి వారం చివరి రోజే మంచి రోజుగా కనిపిస్తుంది, దిగుతున్న నెలలో సోమవారమే మంచిదనిపిస్తుంది. ఆ మాయ తగ్గాలంటే ప్రతి రోజు ధరను ఆ వారం మామూలు సగటుతో పోల్చాలి. ఇక్కడ శుక్రవారం 24, సగటు 18, కాబట్టి సగటును నూరు అనుకుంటే శుక్రవారం 133. బుధవారం 78. ఇలా కనీసం పది వారాలు, అందులో ధర ఎక్కిన వారాలూ దిగిన వారాలూ రెండూ ఉండేలా వేయండి. పదింటిలో ఎనిమిది తొమ్మిది వారాలు శుక్రవారం నూరు దాటితే ఆ రోజుకు నిజంగా బలం ఉన్నట్టు. ఐదారు వారాలే దాటితే అది బొమ్మాబొరుసు.

బలం ఉందని తేలినా పక్కనే రాక చూడాలి. మన ఉదాహరణలో శుక్రవారం ధర పెరగడానికి రాక సగానికి తగ్గడమే కారణం కావచ్చు. ఊరంతా ఈ లెక్క చూసి శుక్రవారానికే బండ్లు కడితే ఆ ధర నిలవదు. పైగా టమాటాను దాచుకోలేం. దోర కాయ ఒకటి రెండు రోజులు ఆగుతుంది, పూర్తిగా ఎర్రబడిన కాయ ఆగదు. కాబట్టి మంచి రోజు తెలిసినందువల్ల చేయగలిగింది కోతను ఒక రోజు ముందుకో వెనక్కో జరుపుకోవడమే. అంతకుమించి ఆశపడితే కాయ మెత్తబడి మూడో రకంలోకి పోతుంది.

ఇంకొక పని ఈ సగటుతో తప్పక చేయండి. మండీలో మీకిచ్చిన పట్టీలు తీసి, చేతికొచ్చిన మొత్తాన్ని అమ్మిన కిలోలతో భాగించండి. ఆ వారం మార్కెట్ సగటు 17 రూపాయల 33 పైసలు ఉండి, మీకు 14 వచ్చిందనుకోండి. కమీషను, తరుగు, హమాలీ కలిపి ఎంత పోయిందో, సరుకు రకం వల్ల ఎంత తగ్గిందో విడదీసి అడగడానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది. ధరల పట్టికలో ఈ కోతలేవీ కనబడవు. అందులో ఉన్నది వేలంలో పలికిన ధరే తప్ప మన చేతికొచ్చేది కాదు.

ఈ లెక్క సంఘానికి ఎందుకు కావాలో కూడా చెప్పాలి. టమాటాకు కనీస మద్దతు ధర లేదు. ధర పడిపోయినప్పుడు ఆదుకోవడానికి కేంద్రం దగ్గర ఉన్నది మార్కెట్ జోక్య పథకం. దాన్ని అమలు చేయమని రాష్ట్రం అడగాలి. 2025లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం గత సాధారణ సంవత్సరం ధర కంటే కనీసం 10 శాతం పడిపోతేనే అది వర్తిస్తుంది. గత సాధారణ సంవత్సరం ఇదే వారాల్లో ధర కిలో 20 అనుకుందాం. ఈ ఏడాది ధరగా 22 రూపాయల 50 పైసలు చూపిస్తే పతనమే లేదు, పైగా పెరిగినట్టు. 18 అంటే సరిగ్గా 10 శాతం, గీత మీద నిలబడ్డాం. 17 రూపాయల 33 పైసలు అంటే 13 శాతానికి పైగా పతనం. రైతు నష్టం మారలేదు. ఏ సగటు తీసుకున్నారన్నదాన్ని బట్టి సాయం వస్తుంది, లేదా పోతుంది. అయితే పోల్చే రెండేళ్ళకూ ఒకే పద్ధతిలో సగటు తీయాలి. ఒక ఏడాదికి గరిష్ఠం, ఇంకో ఏడాదికి మోడల్ తీసుకుంటే మన వాదన మనమే చెడగొట్టుకున్నట్టు.

అందుకే మా మాట ఇది. ప్రతి మార్కెట్ యార్డు తన రోజువారీ పట్టికలో తేదీ, కొలత, మోడల్ ధర, రాక తప్పనిసరిగా అచ్చు వేయాలి. గరిష్ఠ ధర ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి ఊరుకునే పద్ధతి పోవాలి. రాక లేని పట్టికనుంచి నిజమైన సగటు ఎవరూ తీయలేరు. యార్డు వేసేదాకా మనం ఊరుకోనక్కరలేదు. ప్రతి గ్రామ శాఖలో ఇద్దరు ఈ పని తీసుకోండి. ఒకరు చదివితే ఇంకొకరు రాయాలి, అంకె తప్పు పోదు. రాక పట్టికలో లేకపోతే యార్డు కార్యాలయంలో అడగండి, అగ్‌మార్క్‌నెట్‌లో సరిచూసుకోండి. స్క్రీన్‌షాట్లు మాత్రం చెరపొద్దు. రేపు మన సగటును ఎవరైనా కాదంటే, ఏ రోజు ఏ పట్టికలో ఎంత ఉందో తీసి బల్ల మీద పెట్టడానికి అవే సాక్ష్యం.