బిళ్ళలు లెక్కపెడితే దొంగాటేనా?

మన సంఘం శనివారపు స్క్రాబుల్ పోటీలకు కొందరు పెద్దలు ఒక కొత్త నియమం పెట్టమంటున్నారు. ఆడేవాళ్ళు పక్కన కాగితం పెట్టుకుని, బోర్డు మీద పడిన అక్షరాలను కొట్టివేస్తూ పోవడం దొంగాట అట, దాన్ని మాన్పించాలట. ఈ వాదం తప్పని మేము గట్టిగా చెప్పదలిచాం.

ముందు ఒక ప్రశ్న. పేకాటలో ఎన్ని రాజులు పడ్డాయో, ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో గుర్తు పెట్టుకునేవాణ్ణి మనం దొంగ అంటామా? ఆటగాడు అంటాం. స్క్రాబుల్‌లో దాచినదంటూ అంతకన్నా ఏమీ లేదు. సంచీలో 100 బిళ్ళలు. ఏ అక్షరం ఎన్ని ఉన్నాయో బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది: ఈ 12, ఏ 9, ఎస్ 4, క్యూ ఒక్కటే, ఖాళీ బిళ్ళలు 2. పడినవీ, మన చేతిలో ఉన్నవీ తీసేస్తే మిగిలినవే కనబడనివి. సంచీ ఖాళీ అయిన క్షణాన అవన్నీ ఎదుటివాడి చేతిలోనే ఉన్నట్టు. ఇక అదృష్టానికి చోటు లేదు, చదరంగంలాగా అంతా ఎదురుగానే ఉంటుంది.

ఒక ఆట చూద్దాం. సంచీ ఖాళీ. బోర్డు మీద 93 బిళ్ళలు, మన చేతిలో 5. కనుక ఎదుటివారి దగ్గర 2. కాగితంలో కొట్టివేయనివి క్యూ, ఈ. మనకు 340, వారికి 352, వంతు మనది. నాలుగు బిళ్ళలతో 26 పాయింట్ల మాట ఉంది. చూడగానే చెయ్యి అటే పోతుంది. అది ఆడితే మనకు 366. కాని బోర్డు మీద ఒక ఐ ముందు మూడింతల గడి ఖాళీగా ఉంది. వారు అక్కడ క్యూ పెట్టి, 2006 నుంచి ఇక్కడి పోటీ జాబితాలో చెల్లుతున్న క్యూ-ఐ మాటతో 31 కొట్టి 383 చేరతారు. మనం చివరి బిళ్ళతో 4 తెచ్చుకుని ఆట ముగిస్తాం. పోటీ నియమం ప్రకారం వారి చేతిలో మిగిలిన ఈ విలువకు రెట్టింపు, అంటే 2, మనకు వస్తుంది. మొత్తం 372. పదకొండుతో ఓడిపోయాం.

ఇప్పుడు కాగితం చూసి ఆడదాం. మూడు బిళ్ళలతో 12 పాయింట్ల చిన్న మాట పెట్టి ఆ గడి మూసేశాం. 352, సరిసమానం. క్యూకి బోర్డు మీద మరో చోటు లేదు. వారు ఈ ఒక్కటి ఆడి 3 తెచ్చుకుంటే 355. మనం మిగిలిన రెండు బిళ్ళలతో 8 కొట్టి ముగిస్తే 360. వారి చేతిలోని క్యూ విలువ 10, రెట్టింపు 20. మనకు 380. ఇరవై అయిదుతో గెలుపు. సగం కూడా రాని మాట ఆడి గెలిచామంటే అది మోసం కాదు, లెక్క.

సంచీ ఖాళీ కాకముందు లెక్క ఇంత ఖాయంగా ఉండదు. సంచీలో రెండు, ఎదుటివారి దగ్గర ఏడు ఉన్నప్పుడు కనబడనివి 9. క్యూ సంచీలో ఉండే అవకాశం తొమ్మిదింట రెండు మాత్రమే. రెండు బిళ్ళలూ లాగితే ఆ అపాయమంతా మనదే, ఒకటే లాగితే తొమ్మిదింట ఒకటి. కాగితం జోస్యం చెప్పదు, అపాయం కొలుస్తుందంతే.

కాగితం కూడా తప్పుతుంది. ఖాళీ బిళ్ళను ఎస్‌గా వాడితే చాలామంది ఒక ఎస్ కొట్టివేస్తారు. కొట్టవలసింది ఖాళీ బిళ్ళను. బోర్డు, చెయ్యి, కనబడనివి కలిపి 100 కాకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. ఆపరేషను ముగించేముందు గుడ్డలు లెక్కపెట్టి, లెక్క కుదరందే కోత కుట్టని వృత్తి మాది. అక్కడ జ్ఞాపకాన్ని నమ్ముకోమని ఎవరూ అనరు.

“జ్ఞాపకం ఉన్నవాడు గెలవాలి కదా” అని పెద్దల చివరి మాట. అయ్యా, కాగితం నిషేధిస్తే లెక్క ఆగదు. నలభై ఏళ్ళు పేకాడిన బాబాయిగారు మనసులోనే లెక్కపెడతారు, ఆయన ఎదుట కూర్చున్న పదేళ్ళ పిల్ల మాత్రం లెక్కపెట్టలేదు. ఈ నియమంతో నష్టపోయేది ఆ పిల్లే. ఉత్తర అమెరికా పోటీలలో అక్షరాలు అచ్చువేసిన కాగితం బల్ల మీద బాహాటంగా పెట్టుకోనిస్తారు. మన కార్యవర్గం కూడా ఆ నియమాన్ని తోసిపుచ్చి, ప్రతి బల్ల మీదా ఇద్దరికీ చెరొక కాగితం, పెన్సిలు పెట్టించాలని మా కోరిక.