ఖుబూల్ అన్నది ఎవరు, ఫ్రేములో ఉన్నది ఎవరు

షాదీ వీడియోను మొత్తం కూర్చుని చూసే జమానా పోయింది. మూడు గంటల ఫిల్ము పెన్ డ్రైవులో, పెన్ డ్రైవు అల్మారాలో పడి ఉంటుంది. ఖాందాన్ అంతా చూసేది మాత్రం నిలువు ఫోన్లో ముప్పై, నలభై సెకన్ల షార్టే. జెద్దాలో ఉన్న మామూకి, దుబాయ్‌లో ఛుట్టీ దొరకని భాయీకి ఆ షాదీ అంటే ఆ నలభై సెకన్లే. కాబట్టి ఆ నలభై సెకన్లలో ఎవరు కనిపించాలో ఒక మనిషి కూర్చుని ఫైసలా చేయాలని నా ఖయాల్. ఇప్పుడు చాలా స్టూడియోల్లో ఆ ఫైసలాను సాఫ్ట్‌వేర్ చేస్తోంది.

ముందు లెక్క చూద్దాం, చిన్నదే. మన షాదీ వీడియోలు అడ్డంగా తీస్తారు. వెడల్పు 1920 చుక్కలు, ఎత్తు 1080. షార్టుకు నిలువు కావాలి, వెడల్పు 9 పాళ్లైతే ఎత్తు 16. ఎత్తంతా ఉంచుకుని అడ్డం వీడియోలోంచి నిలువు ముక్క కోస్తే 1920 చుక్కల వెడల్పులో మిగిలేది సుమారు 608. అంటే మూడో వంతు కన్నా కాస్త తక్కువ. మిగతా రెండు వంతులు పోయినట్టే. ఏ వంతు ఉంచాలి, ఏది వదలాలి అన్నదే ఈ పనిలో అసలు మసలా. దీన్ని తనంతట తానే చేసే సదుపాయం ప్రీమియర్ ప్రోలో Auto Reframe పేరుతో ఉంది, డావిన్చీ రిజాల్వ్ పైసలిచ్చి కొనే రకంలో Smart Reframe పేరుతో ఉంది. ఫోన్ యాప్‌లలోనూ ఇలాంటివి వచ్చాయి. పేర్లు వేరైనా ఆదత్ ఒకటే. బొమ్మలో ముఖాలు వెతుకుతాయి, కదిలేవి వెతుకుతాయి, వాటి వెంట ఆ 608 చుక్కల కిటికీని జరుపుకుంటూ పోతాయి.

ఒక్క మనిషి మైకు ముందు నిలబడి తఖ్రీర్ చేస్తుంటే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. మనిషి అటు ఇటు నడిచినా కిటికీ వెంట నడుస్తుంది. చేత్తో చేస్తే గంట పట్టేది ఐదు నిమిషాల్లో అవుతుంది, దాన్ని నేను కాదనను. నికా దగ్గరికి వచ్చేసరికే కథ తిరగబడుతుంది.

ఈ మధ్య మా ఖాందాన్‌లో ఒక నికా జరిగింది. దులహన్‌ది ఎల్లారెడ్డి, నౌషాది కామారెడ్డి. బారాత్ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వెళ్లింది, నికా అక్కడి ఫంక్షన్ హాల్లో అయింది. వలీమా నాటికే స్టూడియో వాళ్లు షార్టు పంపారు. నౌషా అమ్మీ రెండుసార్లు చూసి ఫోన్ పక్కన పెట్టి అడిగింది: “మేరా బచ్చా కిధర్ హై రే?” ఆమె షికాయత్ నూటికి నూరుపాళ్లు సహీ. “ఖుబూల్ కియా” అని కొడుకు గొంతు వినిపిస్తోంది, తెర మీద మాత్రం ఖాజీ సాబ్, పక్కన దులహన్ తరఫు వకీల్ సాబ్ ఉన్నారు. కొడుకు లేడు.

వీడియోల పని ఎరిగినవాడినని అసలు ఫైల్ తెప్పించి నా ముందు పెట్టారు. తెరిచి చూస్తే సబబు వెంటనే దొరికింది. స్టేజీ మీద ఎడమ పక్కన నౌషా, నడుమ సియాహా ఒళ్లో పెట్టుకుని ఖాజీ సాబ్, కుడి పక్కన వకీల్ సాబ్. ఎడమ అంచు నుంచి కొలిస్తే నౌషా తల 500 చుక్కల దగ్గర, ఖాజీ సాబ్ తల 960 దగ్గర, వకీల్ సాబ్ తల 1450 దగ్గర ఉన్నాయి. నౌషా ముఖం మీద మల్లెల, గులాబీల సెహ్రా వేలాడుతోంది. మనకు అది దూల్హా ముఖం. ముఖాలు వెతికే యంత్రానికి కళ్లు, ముక్కు, నోరు ఒక వరుసలో కనబడాలి, సెహ్రా వెనక అవేవీ దానికి దొరకవు. దాని లెక్కలో స్టేజీ మీద ఉన్నవి రెండే ముఖాలు, ఒక పూలగుత్తి. ఆ రెండు ముఖాల నడుమకు కిటికీ పోయి కూర్చుంది. కూర్చుంటే 901 నుంచి 1509 దాకా కనిపిస్తుంది, నౌషా పూర్తిగా బయట పడిపోతాడు. షాదీ ఎవరిదో ఆ మనిషి తప్ప అందరూ ఉన్నారన్నమాట!

తర్వాత ఎవరో పెద్దాయన సెహ్రా పక్కకు తీశాడు. ఇప్పుడు మూడో ముఖం దొరికింది. కిటికీ ఎడమకు బయలుదేరింది. కానీ ఈ సాఫ్ట్‌వేర్లు కిటికీని ఎగిరి దూకనివ్వవు, చూసేవాళ్ల కళ్లు తిరగకూడదని దారిని సాఫీ చేస్తాయి. మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. నికాలో ముఖ్యమైన మాట మాత్రం ఒక్క సెకను పట్టదు. మూడోసారి “ఖుబూల్ కియా” అన్నప్పుడు కిటికీ ఇంకా దారిలోనే ఉంది. ఒక అంచులో ఖాజీ సాబ్ భుజం, ఇంకో అంచులో నౌషా చెయ్యి, నడుమ స్టేజీ వెనకాల కట్టిన ఎర్ర పరదా. దువా అయ్యాక ఖజూర్ పంచే పిల్లవాడు తట్ట పట్టుకుని స్టేజీకి అడ్డంగా నడిచాడు, కిటికీ సంబరంగా వాడి వెంట పోయింది. గలే మిలానా జరుగుతున్నది వదిలేసి!

ప్రీమియర్‌లో Motion Preset అని ఉంటుంది. దాన్ని Slower Motion మీద పెడితే పిల్లవాడి వెంట ఈ పరుగు కొంత తగ్గుతుంది. సెహ్రా వెనక ఉన్న ముఖం మాత్రం దొరకదు. అందుకని అలాంటి షాట్‌కు ఆ ఎఫెక్టు తీసేసి చేత్తో పెట్టడమే మేలు. నేను చేసింది ఇంతే. నౌషా, ఖాజీ సాబ్ తలల మధ్య దూరం 460 చుక్కలు. తలల వెడల్పు కలుపుకున్నా 608 లోపు ఇద్దరూ పడతారు. కిటికీ నడిమి గీతను 730 దగ్గర పెట్టి అక్కడే కదలకుండా ఆపాను. నిలువు సీక్వెన్సులో అంకెలు ఇలా వచ్చాయి:

```
Sequence: 1080 x 1920
Scale: 177.8
Position: 949, 960
```

177.8 ఎందుకంటే 1080 ఎత్తును 1920కి సాగదీయాలి. మొదటి 949 ఎలా వచ్చిందంటే, అసలు బొమ్మ నడుమ 960, మనకు కావలసింది 730, తేడా 230. దాన్ని 1.778తో గుణిస్తే 409, దానికి నిలువు తెర నడుమైన 540 కలపాలి. వకీల్ సాబ్ మాట్లాడే చోట కిటికీని జరపలేదు. క్లిప్పును కోసి ఆయన మీద రెండో కిటికీ పెట్టాను. మాట ఆయన నోట మొదలైనచోట ఒక కోత, మాట అయిపోగానే తిరిగి మొదటి కిటికీ. కోస్తే కంటికి తెలియదు, జరిపితే తెలుస్తుంది. జనం దీన్నే ఉల్టా నమ్ముతారు.

ఇంకో ఖరాబీ కూడా ఆ షార్టులో ఉంది. స్టూడియో అబ్బాయి ఎడిట్ అయిపోయిన ఫిల్మునే తెచ్చి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాడు. అందులో కోతలు ముందే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అదంతా ఒకే షాట్. పాత షాట్లో కుడి పక్కన ఉన్న ముఖం కోసం పెట్టిన కిటికీ కొత్త షాట్లోకి అలాగే వచ్చి, సగం సెకను ఏ సంబంధం లేని స్తంభాన్ని చూపించి, అప్పుడు జరుగుతుంది. షాట్ మారగానే బొమ్మ పక్కకు జారుతుంటే రోగం ఇదేనని పట్టుకోవచ్చు. ప్రీమియర్‌లో అయితే ముందు Scene Edit Detection నడిపి, షాట్ షాట్‌గా విడగొట్టాకే రీఫ్రేమ్ చేయాలి.

ముఖాలు అసలే లేని చోట ఏమవుతుందో నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన వీడియోల్లో చూడొచ్చు. ఎల్లారెడ్డి వాళ్లకు కొత్త దూల్హా దుల్హన్‌ని అక్కడికి తీసుకుపోవడం ఆదత్. గేట్ల వరుస వెడల్పే అక్కడి మజా. మూడో వంతు కోస్తే రెండు గేట్లు, కాస్త నురగ మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ పోయి మక్క కంకులు కాల్చే మనిషి మీద వాలుతుంది. అలాంటి షాట్ కోయకండి. అడ్డం బొమ్మను అలాగే నిలువు తెర నడుమ పెట్టండి, 1080 వెడల్పుకు 608 ఎత్తు వస్తుంది. పైనా కిందా ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

ఇవన్నీ చూడ్డానికి బాగోలేని సంగతులు, అంతే. నాకు కోపం వచ్చింది జనానా షాట్ దగ్గర.

వకీల్, ఇద్దరు గవాహ్‌లు దులహన్ ఇజాజత్ తీసుకోవడానికి లోపలికి వెళ్లారు. కెమెరాకు వాళ్ల వీపులు కనిపిస్తున్నాయి. దులహన్ తల వంచుకుని ఘూంఘట్‌లో ఉంది. ఆ షాట్లో తిన్నగా కెమెరా వైపు ఉన్న ముఖాలు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లవి. కుడి మూలన, అసలు వీడియోలో గోరంత కనిపించే చోట, ఒక ఖాలా పరదా కాస్త జారి నవ్వుతోంది. షార్టులో ఆమె తెర నడుమకు వచ్చింది. ఆమె మీద నాలుగు సెకన్లు ఉంది. వెనకాల గొంతు మాత్రం దులహన్‌ని అడుగుతోంది, మీ ఇజాజత్ ఉందా అని.

ఆ ఖాలాను ఎవరు అడిగారు? కెమెరా పట్టినవాడు ఆమెను తీయాలనుకోలేదు, అడ్డం వీడియోలో ఆమె గుంపులో ఒకతె. కోత ఆమెను ఒంటరిని చేసి ముందుకు తెచ్చింది. పెన్ డ్రైవులో ఉన్నంత కాలం అది ఇంటి సంగతి. షార్టు అయి యూట్యూబ్ ఎక్కితే ఊరి సంగతి. మన ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు “దూరం నుంచి తీస్తున్నారు, పర్వాలేదు” అనుకునే కెమెరా ముందు కూర్చుంటారు. ఆ దూరాన్ని సాఫ్ట్‌వేర్ తర్వాత తీసేస్తుంది. మనుషుల్ని గుర్తుపట్టే యంత్రానికి ముఖం కనిపించడమే ఇజాజత్, దానికి వేరే హద్దు తెలియదు. అందుకే జనానాలో తీసిన ఏ షాట్‌నూ ఆటోమేటిక్ రీఫ్రేమ్‌కు ఇవ్వకూడదని నేను సాఫ్‌గా చెప్తాను. కొందరు ముఖాలు మసక చేస్తే చాలు అంటారు. మసక చేయడానికి కూడా ముందు ముఖం దొరకాలి, ఒక్క ఫ్రేములో దొరక్కపోయినా పని చెడినట్టే.

ఆ నాలుగు సెకన్ల చోట బొమ్మ మార్చాను. గొంతులు అలాగే ఉంచి, వాటి మీద సియాహా మీద దస్తఖత్ చేస్తున్న దులహన్ చెయ్యి పెట్టాను. మెహందీ చెయ్యి, పెన్ను, కాగితం, ఇంకేమీ లేవు. ఆ షాట్‌లో చెయ్యి నడుమనే ఉంది కాబట్టి కిటికీని కదిలించే పనే పడలేదు. ఆమె “హా” అన్నది వినబడుతుంది, ఎవరి ముఖమూ కనిపించదు.

స్టూడియోకు బయానా ఇచ్చే రోజే రెండు మాటలు అడిగి పెట్టుకోండి. ఒకటి, నికా షాట్ 4కేలో తీయమని. అప్పుడు కోసిన ముక్క 1215 చుక్కల వెడల్పు ఉంటుంది, సాగదీయాల్సిన అవసరం రాదు, ముఖాలు మసకబారవు. రెండు, షార్టును ఎక్కించే ముందు జనానా వాళ్లలో ఒక పెద్దావిడకు మొత్తం చూపించమని. మా నౌషా షార్టు కొత్తది నలభై ఒక్క సెకన్లు వచ్చింది, గంటన్నర పని పట్టింది. స్టూడియో అబ్బాయి చూసి, ఇలా చేత్తో చేయాలంటే వెయ్యి రూపాయలు ఎక్కువ అవుతుందన్నాడు. అడిగింది తక్కువే.