పొద్దుటి పట్టుకు వయసొక్కటే కారణమా?

పటాన్‌చెరు, రామచంద్రాపురం ఫ్యాక్టరీల్లో 1970లు, 80లలో పనికి చేరినవాళ్లలో చాలామంది ఇప్పుడు 70 ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నారు. బీరంగూడ, అమీన్‌పూర్ కాలనీల్లో అలాంటి పెద్దవాళ్లున్న ఇళ్లకు కొదవ లేదు. వాళ్లకు భుజాలు పట్టేస్తే కారణం ఇంట్లోనే తేలిపోతుంది. మగవాళ్లయితే ఇన్నేళ్లు బరువులెత్తిన ఫలితం అంటారు, ఆడవాళ్లయితే వయసు మీద పడిందంటారు. అక్కడితో ఆగకుండా ఎక్స్‌రే తీయిస్తే మెడ ఎముకల్లో అరుగుదల కనిపిస్తుంది. దాంతో స్పాండిలోసిస్ అని పేరు పెట్టి నొప్పి మాత్రలు రాస్తారు. నా అభ్యంతరం ఆ ఎక్స్‌రేకు ఇచ్చే విలువ మీద. 70 దాటిన ఎవరి మెడను ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది, నొప్పి లేనివాళ్లలో కూడా. కాబట్టి అరుగుదల ఉన్నంత మాత్రాన ఈ నొప్పి దానివల్లే వచ్చిందని రుజువైనట్టు కాదు. ఎక్స్‌రే కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి: ఈ బాధ ఎన్ని రోజుల్లో ముదిరింది? పొద్దున లేచాక ఎంతసేపటికి ఒళ్లు స్వాధీనంలోకి వస్తుంది?

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులతోనే పాలీమయాల్జియా రుమాటికా అనే జబ్బు బయటపడుతుంది. అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. 72 ఏళ్ల ఆవిడ. షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. నెల కిందటి వరకు జొన్నరొట్టెలు తానే చేసుకునేది. రెండు వారాల్లోపే పరిస్థితి తారుమారైంది. జడ వేసుకోవడానికి రెండు చేతులూ పైకి లేవడం లేదు. రాత్రి మంచం మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలలేకపోతోంది. పొద్దున ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేదు. తుంటి భాగం, తొడల పైభాగం కూడా నొప్పే. పది, పదకొండు గంటలకల్లా కాస్త కదలగలుగుతుంది, మధ్యాహ్నానికి మామూలు మనిషిలాగే కనిపిస్తుంది. సాయంత్రం చూడటానికి వచ్చిన బంధువులకు ఆమె పొద్దుటి అవస్థ తెలిసే అవకాశమే లేదు. దీనికి తోడు ఆకలి మందగించింది, కొంచెం బరువు తగ్గింది, నీరసంగా ఉంది.

ఇందులో ప్రతి వివరానికీ విలువ ఉంది. అరుగుదల నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఇది రోజుల్లో వచ్చింది. అరుగుదలలో పొద్దుటి పట్టు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది, తర్వాత నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఇక్కడ పట్టు ముప్పావు గంట దాటి ఉంటుంది, కదిలేకొద్దీ తేలికవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు తరచుగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా ఒక భుజానికే వస్తుంది, పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా బిగుసుకుని ఉంటుంది. ఈ జబ్బు రెండు భుజాలనూ పడుతుంది. కండరాలు నొప్పెడుతున్నట్టు అనిపించినా వాపు నిజంగా ఉండేది భుజాల చుట్టూ, తుంటి చుట్టూ ఉండే మెత్తటి ద్రవపు సంచుల్లో, కీళ్ల లోపలి పొరల్లో. అందుకే చేయి ఎత్తలేకపోయినా కండరం బలం తగ్గదు. నొప్పి కంటే బలహీనత ఎక్కువగా ఉంటే థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కొలెస్ట్రాల్ మాత్రల ప్రభావం, కండరాల జబ్బులు వెతకాలి.

ఇక రక్తపరీక్షలు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ చిన్న ల్యాబ్‌లో కూడా తక్కువ ఖర్చుతో అయ్యేవే. ఈ జబ్బులో అవి దాదాపు ఎప్పుడూ పెరిగి ఉంటాయి. అయితే అవి ఒంట్లో వాపు ఉందని చెబుతాయే గానీ ఎందుకుందో చెప్పవు. అందుకే రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే పరీక్షలు, థైరాయిడ్, కండరాల ఎంజైమ్, ఛాతీ ఎక్స్‌రే, మైలోమా అనే రక్త క్యాన్సర్‌ను పట్టే ప్రోటీన్ పరీక్ష కూడా చూసి, మిగతా కారణాలను పక్కన పెట్టాక గానీ ఈ పేరు పెట్టకూడదు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇది ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు, ఆసియావాళ్లలో తక్కువ. మనదగ్గర అరుదైన దానికోసం ప్రతి ముసలివారినీ పరీక్షించాలా? ప్రతి ఒక్కరినీ అక్కర్లేదు. 50 దాటి, రెండు భుజాలూ కొద్దిరోజుల్లో పట్టేసి, పొద్దున ముప్పావు గంటకు పైగా బిగుసుకుపోయేవాళ్లనే చూడమంటున్నాను. ప్రశ్నలకు ఖర్చు లేదు. పైగా అలాంటి మనిషికి ఈఎస్‌ఆర్ 80 వస్తే, జబ్బు ఇది కాకపోయినా టీబీయో, రుమటాయిడో, క్యాన్సరో వెతకాల్సిన పని ఎలాగూ ఉంటుంది. ఆ పరీక్ష వృథా పోయే దారి నాకు కనిపించడం లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. దీనికి మందు స్టెరాయిడ్. షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకు స్టెరాయిడ్ ఏమిటన్న భయం సహజం. కానీ అదే మనుషులు నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తాయి, అయినా ఈ జబ్బు వాటికి సరిగా లొంగదు. 2015లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం ప్రెడ్నిసలోన్ రోజుకు 12.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య మొదలుపెడతారు. షుగర్ ఉన్నవాళ్లకు అందులో తక్కువ వైపే ఎంచుకుంటారు. మన ఉదాహరణలోని ఆవిడకు 15 ఇచ్చారనుకుందాం. జబ్బు ఇదే అయితే చాలాసార్లు మూడు నాలుగు రోజుల్లోనే చేతులు పైకి లేస్తాయి. వారం, రెండు వారాలకూ పెద్ద తేడా లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే మనం పెట్టిన పేరు సరైనదేనా అని మొదటికి రావాలి. గుణం కనిపిస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో 10 మిల్లీగ్రాములకు, అక్కడి నుంచి నెలకు ఒక్కొక్క మిల్లీగ్రామ్ చొప్పున తగ్గిస్తారు. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. మధ్యలో ఒంట్లో బాగుందని మాత్ర ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి తోడు కావాలి. షుగర్ విషయంలో ఒక మెలిక ఉంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసలోన్ మధ్యాహ్నం, సాయంత్రం షుగర్‌ను పెంచుతుంది. పరగడుపు పరీక్ష మాత్రమే చేయిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. భోజనం తర్వాత పరీక్ష తప్పనిసరి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మందు భయం కాదు, పేరు తెలియకుండా పడే స్టెరాయిడ్. పరీక్షలేవీ లేకుండా ఇచ్చే ఇంజెక్షన్లో, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న పొట్లంలో, వాతం మందని అమ్మే పొడిలో అది ఉండవచ్చు. వేసుకున్న రెండు రోజులకే హాయిగా ఉంటుంది. కానీ రుమటాయిడ్ కూడా దానికి తగ్గుతుంది, కొన్ని క్యాన్సర్లు సైతం కొంతకాలం అణిగినట్టు కనిపిస్తాయి. ఈఎస్‌ఆర్ పడిపోతుంది, ఆధారం చెరిగిపోతుంది. కొన్నాళ్లకు నొప్పి తిరగబెట్టాక చూసే డాక్టరుకు అసలు ఏం జరిగిందో తెలుసుకోవడం కష్టం. అందుకే మొదటి స్టెరాయిడ్ మాత్రకు ముందే రక్తం తీయించాలని పట్టుబడుతున్నాను. మందు ఇచ్చి చూస్తే తేలిపోతుంది కదా అనే వాదన ఇక్కడ నిలవదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యమే ఎక్కువ ప్రమాదం. ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి కణతల దగ్గరి రక్తనాళాలు వాస్తాయి, దాన్ని జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అంటారు. ఎప్పుడూ లేని తలనొప్పి, దువ్వెన తగిలితే నెత్తి నొప్పెట్టడం, నమిలేటప్పుడు దవడ లాగి ఆపగానే తగ్గడం, చూపు కాసేపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనిపించడం దీని గుర్తులు. భుజాల నొప్పికి ఇచ్చే 15 మిల్లీగ్రాములు దీనికి చాలవు. 40 నుంచి 60 మిల్లీగ్రాముల మోతాదు వెంటనే మొదలవ్వాలి, ఎందుకంటే పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. భుజాల నొప్పికి మందు వాడుతున్నవాళ్లకైనా సరే, ఈ గుర్తుల్లో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడి డాక్టరుకు భుజాల నొప్పి సంగతి, పాత ఈఎస్‌ఆర్ కాగితం, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల పేర్లు మొదటి మాటలోనే చెప్పాలి.