నాలుగా, అయిదా? కాల్ బ్రేక్‌లో ఒక వాదా ఖరీదు

పేక ముక్కల్లో ఇస్పేటుని మన ఇళ్లల్లో హుకుం అంటాం. పాన్ అంటే ఆటీను, చిడీ అంటే కళావరు, ఈంట్ అంటే డైమను. ఈ నాలుగింటిలో హుకుం పేరే వేరు. మిగతావి బొమ్మని చూసి పెట్టిన పేర్లు, హుకుం మాత్రం ఆర్డరు. కాల్ బ్రేక్‌లో ఆ పేరు నూటికి నూరు పాళ్లు నిజం. ఎవరు పంచినా, ఎవరి చేతిలో ఏమొచ్చినా తురుపు హుకుమే. హుకుం దుర్రీ కూడా మిగతా మూడు రంగుల ఇక్కాల మీద పడి పట్టు తీసుకుపోతుంది.

పాతకాలం కోట్ పీస్ ఆడినవాళ్లకి ఇది కొంచెం చప్పగా అనిపిస్తుంది. అందులో మొదటి అయిదు ముక్కలు చూసి రంగు చెప్పే మజా ఉంది కదా, ఇందులో అది లేదేంటి అని అడుగుతారు. లేకపోవడంలోనే అసలు సంగతి ఉంది. తురుపు ముందే తెలుసు కాబట్టి, పదమూడు ముక్కలు చేతిలోకి రాగానే ‘నేను ఇన్ని పట్లు తెస్తా’ అని నలుగురి ముందూ వాదా చెయ్యగలం. జోడీ లేదు, ఎవరి లెక్క వాళ్లదే. రంగు మారుతూ ఉంటే అలా చెప్పడం ఉత్త గాలిమాట అయ్యేది.

ఉప్పల్, నాచారం వైపు ఇళ్లల్లో ఇషా తర్వాత ఈ ఆట బాగా నడుస్తోంది. స్టేడియంలో మ్యాచ్ ఉండి రోడ్డు జామ్ అయిన రాత్రుల్లో ఇక చెప్పక్కర్లేదు. పైసలు పెట్టి ఆడేవాళ్ల గురించి నేను రాయడం లేదు. పైసా పెడితే అది ఖిమార్, అందులో బహస్‌కి జాగా లేదు. పైసా లేకపోయినా పేక వద్దనే ఆలిములు ఉన్నారు, వాళ్ల మాట మీకు ప్రమాణమైతే ఇక్కడితో ఆపేయండి. నా ఫిర్యాదు వేరే. చాలా ఇళ్లల్లో స్కోరు రాసేటప్పుడు ‘అరె, పాయింట్ ఒకటి ఎవరు చూస్తారు’ అని దశాంశాన్ని కొట్టేస్తున్నారు. కొందరైతే కాల్‌కి మించి తెచ్చిన ప్రతి పట్టుకీ నిండుగా ఒక మార్కు వేస్తున్నారు. రెండూ ఆటని పాడుచేసేవే అని నా రాయ్.

ముందు మామూలు హిసాబు చూద్దాం. నాలుగు కాల్ చేసి నాలుగు తెస్తే 4.0. అయిదు తెస్తే 4.1. మూడే తెస్తే వచ్చిన మూడూ పోయి మైనస్ 4. ఇలా అయిదు రౌండ్లు ఆడి కూడుతాం. అంటే ఎక్కువ తెచ్చిన పట్టుకి దొరికేది పదో వంతే. రెండు కాల్ చేసి అయిదు తెచ్చినవాడు 2.3తో కూర్చుంటాడు. సరిగ్గా అయిదు అనుంటే 5.0 వచ్చేది. పిరికితనానికి జుర్మానా అది. దాని పక్కనే లాలచ్‌కి పడే జుర్మానా పెడితే, మొదటిది చిన్నదని తెలుస్తుంది.

ఒక చెయ్యి తీసుకుందాం. హుకుంలో బాద్షా, తొమ్మిది, నాలుగు, రెండు. పాన్‌లో ఇక్కా, బాద్షా, ఆరు, మూడు. చిడీలో ఇక్కా, ఎనిమిది, ఏడు, అయిదు. ఈంట్‌లో ఒంటరి పది. దీన్ని చూడగానే చాలామంది వేళ్ల మీద లెక్కపెడతారు. రెండు ఇక్కాలు, రెండు బాద్షాలు, ఈంట్ అయిపోయాక ఒక కోత. మొత్తం అయిదు. నోట్లోంచి ‘పాంచ్’ వచ్చేస్తుంది.

కాస్త సబర్. పాన్ ఇక్కా దాదాపు ఖాయం, చిడీ ఇక్కా కూడా అంతే. ఒంటరి పది వెళ్లిపోయాక రెండోసారి ఈంట్ వస్తే హుకుం రెండుతో కొట్టొచ్చు. ఇవి మూడు. పాన్ బాద్షా దగ్గరే మోసం. మన దగ్గర నాలుగు పాన్‌లు ఉంటే బయట తొమ్మిదే ఉన్నాయి. ఆ తొమ్మిదీ ముగ్గురికి తలా మూడు రావాలని రూలేం లేదు. ఎవరో ఒకరి దగ్గర ఒక్కటే ఉండటమో, అసలు లేకపోవడమో దాదాపు మూడు ఆటల్లో ఒక ఆటలో జరుగుతుంది. అప్పుడు రెండో పాన్ మీద హుకుం పడుతుంది, బాద్షా పోతాడు. కాబట్టి వాడు నిండు పట్టు కాదు.

హుకుం బాద్షాకి ఇంకో చిక్కు. ఈ ఆటలో గెలవగలిగే ముక్క ఉంటే అది వెయ్యక తప్పదు. పక్కవాడు హుకుం బేగం వేస్తే, మనకి ఇష్టం లేకపోయినా బాద్షా దిగాలి. ఇక్కా మన తర్వాత ఆడేవాళ్ల దగ్గర ఉంటే అక్కడితో వాడి కథ ఖతం. చిన్న హుకుం వేసి దాచుకుందామంటే కుదరదు. ఇంకో కోత దొరికితే బాగుండు అనుకోవచ్చు. కానీ ప్రతి కోతకీ ఒక చిన్న హుకుం ఖర్చవుతుంది, బాద్షా చుట్టూ కాపలా పల్చబడుతుంది.

అయితే నాలుగా, అయిదా? ఈ చేతితో నాలుగు వస్తాయనే అనుకుందాం, అయిదోది అనుమానం. అయిదు అని నెగ్గితే 4.1కి బదులు 5.0, అంటే లాభం 0.9. ఓడితే 4.0కి బదులు మైనస్ 5, అంటే నష్టం నిండుగా 9. నష్టం లాభానికి సరిగ్గా పది రెట్లు. పదకొండు ఆటల్లో పదిసార్లకన్నా ఎక్కువ అయిదో పట్టు వచ్చేటట్లైతేనే ‘అయిదు’ అనడం గిట్టుబాటు. మూడింట ఒకసారి చచ్చిపోయే పాన్ బాద్షాని నమ్ముకుని ఆ మాట అనగలమా? నాలుగు మాత్రం అనొచ్చు. దానికి ఇద్దరు బాద్షాల్లో ఒకడు బతికితే చాలు, ఇద్దరూ ఒకే ఆటలో పోవడం తక్కువ.

కాల్ పెరిగేకొద్దీ ఈ తరాజు ఇంకా బరువెక్కుతుంది. ఒకటి నుంచి రెండుకి పోయేటప్పుడు నష్టం 3 మాత్రమే, కాబట్టి అక్కడ కొంచెం ధైర్యం చెయ్యొచ్చు. అయిదు నుంచి ఆరుకి పోతే నష్టం 11. లాభం మాత్రం ఎప్పుడూ అదే 0.9. ఎక్కువ పట్టుకి నిండు మార్కు ఇచ్చే ఇళ్లల్లో ఈ లెక్కంతా కూలిపోతుంది. అక్కడ అందరూ ఒకటి అని కూర్చుంటారు, ఎందుకంటే తక్కువ చెప్పినందుకు పోయేదేం లేదు. కాల్ చెయ్యడం అనే పనే దండగ అయిపోతుంది.

చివర్లో కాల్ చేసేవాళ్లకి ఇంకో సహూలత్ ఉంది. ముందు ముగ్గురూ కలిపి పది అన్నారనుకోండి. ఉన్నవి పదమూడు పట్లే. మీరు నాలుగు అంటే మొత్తం పద్నాలుగు, ఎవరో ఒకరు తప్పకుండా మునుగుతారు. అది మీరే కాకూడదంటే, అనుమానంగా ఉన్న చేతిని ఒకటి తగ్గించి చెప్పడమే నయం. మొత్తం తొమ్మిదో పదో అయితే మిగిలిన పట్లు వెతుక్కుంటూ వస్తాయి.

ఇప్పుడు ఆ పాయింట్ ఒకటి సంగతి. ఆఖరి రౌండు ముందు మామూ 11.1, ఆపా 10.3 మీద ఉన్నారనుకుందాం. మామూ రెండు అన్నాడు, ఆపా మూడు అంది. ఇద్దరూ సరిగ్గా తెస్తే మామూ 13.1, ఆపా 13.3. ఆపా గెలిచింది. మామూ రెండు పట్లు అదనంగా లాగితే 13.3తో బరాబర్, మూడు లాగితే 13.4తో బాజీ అతనిది. అందుకే మూడో పట్టు రాగానే ఆపా చేతులు ముడుచుకోకూడదు. మామూకి పోయే పట్టుని తను లాక్కుంటే అతనికి 0.1 తగ్గుతుంది, తనకి 0.1 పెరుగుతుంది. దశాంశం కొట్టేసే ఇంట్లో ఇదే బాజీ 11 మీద 2, 10 మీద 3, ఇద్దరికీ 13. మామూ ఎన్ని లాగినా, ఆపా ఎంత అడ్డుకున్నా కాగితం మీద తేడా ఉండదు. పిల్లలతో స్కోరు రాయించేవాళ్లు నిండు మార్కులకి ఒక గడి, అదనపు పట్లకి పక్కనే ఇంకో గడి గీసివ్వండి. అయిదు రౌండ్లయ్యాక ఆ రెండో గడిలోవి పది అయితే ఒక మార్కుగా మొదటి గడిలోకి ఎక్కించుకోవచ్చు.