జీతంలోంచి వెళ్లే పెట్టుబడి

హైదరాబాద్‌లో నాలుగైదేళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేతికి ఒకే వారంలో రెండు ఆఫర్లు రావడం ఇప్పుడు వింతేమీ కాదు. ఒకటి పేరున్న విదేశీ కంపెనీది, మరొకటి రెండు మూడు రౌండ్ల నిధులు తెచ్చుకున్న స్టార్టప్‌ది. ఇక సలహాలు మొదలవుతాయి. వయసులో ఉన్నప్పుడే రిస్క్ తీసుకోవాలంటాడు స్నేహితుడు. పెద్ద కంపెనీ పేరు చెబితే సంబంధాలు తేలిగ్గా కుదురుతాయని ఇంట్లోవాళ్ల లెక్క. ఈ రెండు సలహాలూ కాగితం మీద పెట్టి చూడదగ్గ లెక్కను ధైర్యం, భద్రత అనే గుణాల మధ్య పోటీగా మార్చేస్తాయి. ఆ కాగితం పని చాలామంది చెయ్యరు, ఎందుకంటే స్టార్టప్ ఆఫర్‌లో పెద్ద భాగం ఈసాప్స్ రూపంలో ఉంటుంది. దాని విలువ ఎంతో చెప్పింది కంపెనీ హెచ్‌ఆర్ మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించినవే అయినా ఆఫర్ల తీరు మాత్రం ఇలాగే ఉంటుంది. పెద్ద కంపెనీ ఏడాదికి 28 లక్షల మూల జీతం, 2.8 లక్షల బోనస్, నాలుగేళ్లకు కలిపి 40 లక్షల విలువైన షేర్లు ఇస్తానంటోంది. సగటున ఏడాదికి 40.8 లక్షలు. స్టార్టప్ 30 లక్షల జీతం, నాలుగేళ్లలో చేతికొచ్చే 20,000 ఆప్షన్లు ఇస్తానంటోంది. పోయిన రౌండ్‌లో షేరు ధర 300 రూపాయలు కాబట్టి ఈసాప్స్ విలువ 60 లక్షలని హెచ్‌ఆర్ మాట. అంటే ఏడాదికి 15 లక్షలు, మొత్తం 45. ఈ పద్ధతిలో చూస్తే స్టార్టప్‌దే పైచేయి.

ఆ 60 లక్షలు మొదటి ప్రశ్నకే నిలవవు. ఆప్షన్ అంటే షేరు కాదు, ముందే నిర్ణయించిన ధరకు షేరు కొనుక్కునే హక్కు. ఆ ధర 100 రూపాయలని గ్రాంట్ లెటర్‌లో ఉంటే ఒక్కో ఆప్షన్ మీద మిగిలేది 200. అరవై లక్షలు అక్కడికక్కడే నలభై అయ్యాయి. మన దేశంలో కొన్ని స్టార్టప్‌లు ఈ ధరను ఒక రూపాయో పది రూపాయలో పెడతాయి, కొన్ని అప్పటి మార్కెట్ విలువకు దగ్గరగా పెడతాయి. ఆఫర్ లెటర్‌లో ఈ అంకె లేకపోతే అది అడగకుండా సంతకం చెయ్యకూడదు. మొత్తం షేర్లెన్నో కూడా అడగాలి. కోటి షేర్లలో 20,000 అంటే 0.2 శాతం, రెండు కోట్లలో అయితే 0.1 శాతం. మొత్తం తెలియనంతవరకు ఇరవై వేలు అన్న మాటకు అర్థం లేదు.

మన స్టార్టప్‌లో మొత్తం షేర్లు కోటి అనుకుందాం. అప్పుడు కంపెనీ విలువ 300 కోట్లు. ఇప్పుడు రెండు ఆఫర్ల మధ్య ఖాయంగా తెలిసిన తేడా చూడండి. ఏడాదికి 10.8 లక్షలు, అంటే నెలకు 90 వేలు. నాలుగేళ్లకు 43.2 లక్షలు. స్టార్టప్‌లో చేరిన ఇంజనీరు తన జీతంలోంచి నెలనెలా 90 వేలు తీసి ఆ కంపెనీలో పెట్టుబడి పెడుతున్నట్టే. ఈ ఆఫర్‌ను తూచడానికి ఇంతకన్నా నిజాయితీగల కొలమానం నాకు కనిపించలేదు. అదే 90 వేలు మీ బ్యాంకు ఖాతాలో పడ్డాక, ఈ కంపెనీలో పెట్టమని ఎవరైనా అడిగితే పెడతారా?

పెట్టే ముందు ఎవరైనా అడిగేది, అసలు తిరిగి రావాలంటే కంపెనీ ఎంతకు అమ్ముడుపోవాలి అని. 43.2 లక్షలు రావాలంటే ఒక్కో ఆప్షన్ మీద 216 రూపాయలు మిగలాలి, అంటే షేరు 316కి వెళ్లాలి. ఇప్పటికే 300 ఉంది, ఇంకో పదహారు పెరిగితే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఈ నాలుగేళ్లలో కంపెనీ మరో రెండుసార్లు నిధులు సమీకరించి, ప్రతిసారీ ఇరవై శాతం వాటా కొత్తవాళ్లకు ఇస్తే మొత్తం షేర్లు కోటి నుంచి 1.56 కోట్లవుతాయి. అప్పుడు షేరు 316 పలకాలంటే కంపెనీ దాదాపు 494 కోట్లకు అమ్ముడుపోవాలి. అదీ నష్టం లేకుండా బయటపడడానికే. కొత్త ఇన్వెస్టర్లు షేరును అంతకన్నా ఎక్కువ ధరకు కొని ఉంటే ఈ గీత ఇంకా పైకి జరుగుతుంది.

ఎందుకు జరుగుతుందో తెలియాలంటే, ఉద్యోగులకు దాదాపు ఎవరూ చెప్పని ఒక షరతు గురించి తెలియాలి. ఇన్వెస్టర్లు కొనేవి మామూలు షేర్లు కావు, ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్ముడుపోతే వాళ్లు పెట్టిన సొమ్ము ముందు వాళ్లకు వెనక్కి వెళ్లాలి, మిగిలింది మిగతావాళ్లు పంచుకోవాలి. తమ వాటా ప్రకారం తీసుకుంటే అంతకన్నా ఎక్కువ వస్తుందనుకున్నప్పుడే వాళ్లు మామూలు షేర్లుగా మార్చుకుంటారు. మన స్టార్టప్‌లో ఇన్వెస్టర్లు ఇప్పటిదాకా 90 కోట్లు పెట్టారు, వాళ్ల వాటా 35 శాతం అనుకుందాం. కొత్త రౌండ్లేవీ దొరక్క ఏడాదిన్నర తర్వాత ఓ పెద్ద సంస్థ 120 కోట్లకు కొనేసింది. 120లో 35 శాతం 42 కోట్లే, కాబట్టి వాళ్లు తమ 90 కోట్లనే ఎంచుకుంటారు. మిగిలిన 30 కోట్లను 65 లక్షల షేర్లు పంచుకుంటే ఒక్కోదానికి 46 రూపాయలు. వంద పెట్టి కొనాల్సిన షేరుకు 46 వస్తుంటే మన ఇంజనీరు ఆప్షన్ల విలువ సున్నా. బయట మాత్రం 120 కోట్ల డీల్ అని అభినందనల పోస్టులు పడుతుంటాయి.

ఇలా జరగకపోవచ్చు కూడా. ఫోన్‌పే వేరుపడ్డాక 2023లో ఫ్లిప్‌కార్ట్ తన ఈసాప్స్ ఉన్నవాళ్లకు సుమారు 70 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ డబ్బుతో ఇళ్లు కొన్నవాళ్ల కథలే మనకు వినిపిస్తాయి. మరోవైపు 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన బైజూస్, 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఈ రెండింట్లో మీ కంపెనీ ఏది అవుతుందో వ్యవస్థాపకుడికీ తెలియదు. అయితే మీకు ఎంత నమ్మకం ఉండాలో మాత్రం లెక్క కట్టవచ్చు. ఆ రెండు రౌండ్ల తర్వాత కంపెనీ 1,200 కోట్లకు వెళ్లి, ఇన్వెస్టర్లంతా షేర్లు మార్చుకుంటే, షేరు 768 రూపాయలు. కొనుగోలు ధర పోగా మీకు 1.34 కోట్లు. అలా కాకపోతే ఏమీ రాదనుకుందాం. 43 లక్షలు పెట్టి 1.34 కోట్ల కోసం ఆడుతున్నారు కాబట్టి, గెలుపు అవకాశం దాదాపు మూడింట ఒకటి ఉంటేనే సరితూగుతుంది. మీ కంపెనీకి మూడింట ఒక వంతు అవకాశం ఉందని మనస్ఫూర్తిగా అనగలరా? అనగలిగితే చేరవచ్చు. అనలేకపోయినా చేరవచ్చు, కానీ ఈసాప్స్ కోసం చేరుతున్నామని చెప్పుకోకూడదు.

మధ్యలో మానేసే సందర్భాన్ని విడిగా చూడాలి, ఎందుకంటే నాలుగేళ్లూ ఉండేవాళ్లు తక్కువ. రెండేళ్లకు బయటికొస్తే 10,000 ఆప్షన్లు మీవవుతాయి. చాలా కంపెనీల్లో మానేశాక 90 రోజుల్లోపు కొనుక్కోవాలి, లేకపోతే పోతాయి. కొనాలంటే పది లక్షలు కావాలి. పన్ను అక్కడే మొదలవుతుంది. మర్చంట్ బ్యాంకర్ ఆ రోజు షేరు విలువ 300గా కడితే, ఒక్కోదాని మీద 200 చొప్పున 20 లక్షలు మీ జీతంలో భాగమని ఆదాయపు పన్ను చట్టం లెక్కేస్తుంది. ముప్పై శాతం పన్ను, సెస్సు కలిపితే 6.24 లక్షలు. అంటే అమ్ముకోవడానికి కొనేవాడే లేని షేర్ల కోసం చేతి నుంచి 16 లక్షలకు పైగా పెట్టాలి. స్టార్టప్ ఉద్యోగులకు ఈ పన్ను వాయిదా వేసే సదుపాయం 2020 బడ్జెట్‌లో వచ్చింది. కానీ అది కేంద్రం ఇచ్చే ప్రత్యేక ధ్రువపత్రం ఉన్న స్టార్టప్‌లకే. పైగా ఉద్యోగం మానేసిన రోజుతోనే ఆ వాయిదా ముగుస్తుంది. మానేసేవాడికే అక్కరకు రాని సదుపాయమది. కాబట్టి ఆ 90 రోజుల గడువును కొన్నేళ్లకు పెంచి రాసిన పథకం ఎదురైతే, జీతం లక్ష తక్కువైనా దానివైపే మొగ్గుతాను.

ఇవన్నీ వ్యవస్థాపకుణ్ని అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. అడగకుండానే కొన్ని దొరుకుతాయి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కొత్త షేర్లు ఇచ్చిన ప్రతిసారీ కార్పొరేట్ వ్యవహారాల శాఖకు PAS-3 దాఖలు చెయ్యాలి. ఎన్ని షేర్లు, ఏ ధరకు అన్నది అందులో ఉంటుంది. ఇన్వెస్టర్ల ముందస్తు హక్కులు సాధారణంగా ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోనే రాసి ఉంటాయి. AOC-4లో గత ఏడాది లాభనష్టాలుంటాయి. శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే ఇవి చూడొచ్చు. ఇవి కొన్ని నెలలు పాతవి కాబట్టి బ్యాంకులో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందన్నది మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే. అక్కడ పనిచేస్తున్నవాళ్లను పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడుతోందా అని అడగండి. నగదు కటకట చాలాసార్లు అక్కడే ముందు బయటపడుతుంది.

పెద్ద కంపెనీ ఆఫర్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి. ఏడాదికి పది లక్షల షేర్లన్నది సగటు మాత్రమే. అమెజాన్‌లో చాలాకాలంగా నడిచిన పద్ధతిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, ఆ తర్వాత రెండేళ్లు నలభై చొప్పున వస్తాయి. తొలి రెండేళ్ల లోటును జాయినింగ్ బోనస్‌తో పూడుస్తారు. రెండేళ్లకు మానేసేవాడికి ఆ నలభై లక్షల్లో దక్కేది ఎనిమిదే. భద్రత విషయానికొస్తే, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. పెద్ద కంపెనీలో కూడా ఉద్యోగం పోతుంది. తేడా ఏమిటంటే, అప్పటికి చేతికొచ్చిన షేర్లు ఆ రోజే అమ్ముకోవచ్చు.

నేర్చుకోవడం గురించి ఒక్క మాట. స్టార్టప్‌లో ఎక్కువ నేర్చుకుంటారన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మీ కోడ్‌ను చూసి తప్పులు పట్టే అనుభవజ్ఞులు ఇద్దరు ఉన్న స్టార్టప్ మంచి బడి. ఎవరూ లేని చోట మూడేళ్లు మీ తప్పులే మీకు అలవాటవుతాయి. పెద్ద కంపెనీలో ఏ టీమ్‌లో వేస్తారో సంతకానికి ముందు చెప్పకపోతే అక్కడా ఇదే గుడ్డి పందెం. రెండు చోట్లా అడగాల్సింది ఒకటే: నా పని ఎవరు సమీక్షిస్తారు, వాళ్లతో అరగంట మాట్లాడనిస్తారా?

స్టార్టప్‌వైపు మనసు లాగుతుంటే, సంతకానికి ముందు ఒక బేరం పెట్టి చూడండి. ఆప్షన్లు 10,000 తగ్గించి, జీతం ఎంత పెంచగలరని అడగండి. కంపెనీ లెక్క ప్రకారమే, కొనుగోలు ధర పోగా వాటి విలువ 20 లక్షలు, ఏడాదికి ఐదు. జీతం లక్షన్నర పెంచుతామంటే, ఆ ఈసాప్స్‌కు కంపెనీ తానే రూపాయికి 30 పైసల ధర కట్టిందన్నమాట. ఇక మీ మూడింట ఒక వంతు నమ్మకాన్ని ఆ ధరతో పోల్చుకోవచ్చు.